బస్టాండ్‌లోనా, బస్టాండ్ దగ్గరా?

ఒక రాత్రి పదిన్నర దాటాక మా మేనత్త ఏలూరు నుంచి ఫోన్ చేసింది. కాకినాడలో బయలుదేరి హైదరాబాద్ వచ్చే ఒక ప్రైవేటు బస్సుకు ఆవిడ కోసం టికెట్ తీసింది నేనే. ఎక్కవలసిన చోటు ఏదని ఆవిడ అంతకుముందే అడిగినప్పుడు, టికెట్‌లో ఉన్నది ఉన్నట్టుగా ‘ఏలూరు బస్టాండ్, 10.40’ అని చదివి చెప్పాను. ఆవిడ పది గంటలకే ఊళ్లోని కొత్త బస్టాండ్‌కు చేరుకుని, సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. సరిగ్గా పదీ నలభైకి డ్రైవరు ఫోన్ చేసి, “అమ్మా, బస్టాండ్ దగ్గర ఆపాను, ఎక్కడున్నారు?” అని అడిగాడు. “బస్టాండ్‌లోనే ఉన్నాను బాబూ, నువ్వే కనపడటం లేదు” అని ఆవిడ అంది. ఈ మాట అటూ ఇటూ మూడుసార్లు నడిచింది. చివరికి “మీ ఎదురుగా ఏముందమ్మా?” అని అతను అడిగాడు. “టికెట్ల కౌంటరు, పక్కన సోడా కొట్టు” అని ఆవిడ చెప్పాక గాని, తాను ఊరి బయట బైపాస్ మీద ఉన్నానని, ఆవిడ ఊరి లోపల ఉందని అతనికి అర్థం కాలేదు. పది నిమిషాలు ఆగి బస్సు వెళ్లిపోయింది. మా అత్త ఆర్టీసీ బస్సులో విజయవాడ వెళ్లి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని తెల్లవారాక ఇల్లు చేరింది.

ఈ ఉదంతంలో అబద్ధం చెప్పినవారు ఎవరూ లేరు. డ్రైవరు ‘దగ్గర’ అన్నాడు, మా అత్త ‘లో’ అంది, నేనేమో విభక్తి లేని నామవాచకం ఒకటి చదివి చెప్పాను. వ్యవహారమంతా ఆ విభక్తిలోనే ఉంది. బస్సు ఆవరణలోకి వచ్చి ప్లాట్‌ఫాం మీద నిలబడుతుందా, లేక అదే పేరున్న చోట రోడ్డు పక్కన ఒక్క నిమిషం ఆగి వెళ్లిపోతుందా అన్న తేడాను తెలుగు మాట్లాడేవారు ‘బస్టాండ్‌లో’, ‘బస్టాండ్ దగ్గర’ అని సహజంగానే చెబుతారు. టికెట్ మీద మాత్రం ఆ చివరి ముక్క ఉండదు.

అసలు బస్టాండ్ అన్న మాటే మన దగ్గర ఒకటికి రెండు పనులు చేస్తుంది. ఆర్టీసీ బోర్డుల మీద బస్ స్టేషన్ అనీ, ప్రయాణ ప్రాంగణం అనీ రాస్తారు. ప్లాట్‌ఫాంలు, విచారణ కౌంటరు, లోపలికి రావడానికి ఒక గేటు, బయటకు పోవడానికి ఒక గేటు, వచ్చిన బస్సును పుస్తకంలో రాసుకునే కంట్రోలరు ఉన్న చోటు అది. కాని పల్లెటూళ్లో రావిచెట్టు కింద కట్టిన నాలుగు స్తంభాల షెడ్డును కూడా ‘మా ఊరి బస్టాండ్’ అనే అంటారు. సిటీలో స్టాపు, పాతకాలపు కండక్టర్ల నోట స్టేజి, కోస్తా పట్టణాల్లో కాంప్లెక్స్, ఇలా వేరే మాటలు ఉన్నా, తెలియని మనిషికి దారి చెప్పేటప్పుడు అందరూ బస్టాండ్ అన్న మాటకే వస్తారు. కాబట్టి ఆ మాట విన్నంత మాత్రాన అది స్టేషనో, స్టేజో తేలదు. దాన్ని తేల్చుకునే ఆధారాలు వేరే ఉన్నాయి.

అన్నిటికన్నా గట్టి ఆధారం ఆ బస్సు ఎవరిదన్నది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆర్టీసీ బస్ స్టేషన్లు ఆర్టీసీ బస్సుల కోసం ఉన్నవి, పొరుగు రాష్ట్రాల ప్రభుత్వ బస్సులు కూడా ఒప్పందం మీద లోపలికి వస్తాయి. రాత్రిపూట దూరప్రయాణాలకు మనం టికెట్ తీసుకునే ప్రైవేటు బస్సులు కాంట్రాక్టు క్యారేజీ పర్మిట్ మీద నడిచేవి. స్టేజీ క్యారేజీ మాదిరిగా దారిలో చేయెత్తిన ప్రతి మనిషినీ ఎక్కించుకోవడానికి చట్టం వాటికి వీలివ్వదు, ఆర్టీసీ ప్లాట్‌ఫాం మీదికి వాటికి ప్రవేశం ఉండదు. అందువల్ల ప్రైవేటు బస్సు టికెట్ మీద బస్టాండ్ అని కనిపిస్తే దాన్ని ఎప్పుడూ ‘బస్టాండ్ దగ్గర రోడ్డు మీద’ అనే చదువుకోవాలి. ఆ రోడ్డు స్టేషను గేటు ముందుదా, వంద గజాల అవతలి కూడలిదా, లేక మా అత్త విషయంలో జరిగినట్టు ఊరి బయటి బైపాస్‌దా అన్నది తరువాతి ప్రశ్న. లోపల వెతకనక్కరలేదన్నది మాత్రం అక్కడికక్కడే తేలిపోతుంది. ఆ రాత్రి ఈ ఒక్క సంగతి నాకు తట్టి ఉంటే సగం తిప్పలు తప్పేవి.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఆర్టీసీ అద్దెకు తీసుకుని నడిపే బస్సులు కూడా రోడ్ల మీద చాలానే ఉన్నాయి. వాటి యజమాని ప్రైవేటు మనిషే అయినా, నడిచేది ఆర్టీసీ సర్వీసుగా, ఆర్టీసీ టికెట్ మీద కాబట్టి అవి మామూలు ఆర్టీసీ బస్సుల్లాగే స్టేషన్ లోపలికి వస్తాయి. చూడవలసింది బండి ఎవరిదని కాదు, టికెట్ ఎవరిచ్చారని.

ఆర్టీసీ బస్సయితే లోపలికి వస్తుందని ధీమాగా ఉండవచ్చా అంటే, ఆ బస్సు బయలుదేరేది ఆ స్టేషన్ నుంచే అయితే ఉండవచ్చు. ఎక్కడో బయలుదేరి మన ఊరి మీదుగా పోయే బస్సయితే మాత్రం ఆగి ఆలోచించాలి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ సర్వీసులు దారిలోని పట్టణాల స్టేషన్లలోకి వెళ్లి రావడం సాధారణం. వాటిలో ఎక్కేవారిలో ఎక్కువమంది ముందుగా టికెట్ తీసుకోకుండా స్టేషనుకు వచ్చేవారే. రాత్రిళ్లు వందల కిలోమీటర్లు పరిగెత్తే సూపర్ లగ్జరీ, ఏసీ సర్వీసులకు దారిలోని ప్రతి పట్టణంలోకీ దూరి రావడమంటే గంటలు పోగొట్టుకోవడమే. అందుకే వాటిలో కొన్ని కొన్ని ఊళ్లను బైపాస్ మీద నుంచే పలకరించి పోతాయి. ‘టౌన్‌లోకి వెళ్తుందా, బైపాసా?’ అని మనవాళ్లు కండక్టరును అడిగే ప్రశ్న ఇందులోంచి పుట్టిందే. ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైనవి నాన్‌స్టాప్ సర్వీసులు. వాటికి టికెట్లను స్టేషన్‌లో బస్సు కదలక ముందే ఇస్తారు, దాన్ని ఆర్టీసీవారు గ్రౌండ్ బుకింగ్ అంటారు. అలాంటి బస్సు కోసం స్టేషన్ బయట కూడలిలో నిలబడి చేయెత్తితే అది ఆగదు, ఆగనందుకు డ్రైవరును తిట్టుకునీ లాభం లేదు.

ఏలూరు సంగతి కొంచెం వివరంగా చూస్తే ఈ చిక్కు ఎలా తయారవుతుందో తెలుస్తుంది. విశాఖపట్నం నుంచి రాజమహేంద్రవరం మీదుగా విజయవాడ వెళ్లే పదహారో నంబరు జాతీయ రహదారి, అంటే పాత లెక్కలో ఐదో నంబరుది, ఏలూరు ఊళ్లోకి రాకుండా బైపాస్‌గా పక్కనుంచి పోతుంది. ఊళ్లో ఆర్టీసీకి పాత బస్టాండ్, కొత్త బస్టాండ్ అని రెండున్నాయి. బైపాస్ మీద, హైవే పక్కనున్న ఆశ్రం ఆసుపత్రి వంటి చోట్ల, దూరప్రయాణపు బస్సులు ఆగి మనుషులను ఎక్కించుకుంటాయి. ఊళ్లో ఉండేవారికి ఇవన్నీ వేరువేరు పేర్లున్న వేరువేరు చోట్లు. టికెట్లు అమ్మే కంపెనీ వ్యవస్థలో మాత్రం ఇవన్నీ ‘ఏలూరు’ అనే ఒక ఊరి కింద వరుసగా ఉండే పంక్తులు. ఆ పంక్తులను ఎవరో ఒకరు ఎప్పుడో టైపు చేసి ఉంటారు. నేను తరువాత ఆ టికెట్‌ను కంప్యూటరు తెర మీద పూర్తిగా తెరిచి చూస్తే, ‘ఏలూరు బస్టాండ్’ తరువాత ఒక గీత, ఆ గీత తరువాత ‘బైపాస్’ అన్న మాట ఉన్నాయి. ఫోనుకు వచ్చిన సందేశంలో చోటు చాలక ఆ చివరి మాట తెగిపోయింది. నేను చదివింది తెగిన ముక్కను.

కాబట్టి సందేశాన్ని నమ్మకుండా టికెట్‌ను పూర్తిగా తెరవడం మొదటి పని. అందులో బోర్డింగ్ పాయింటు పేరు కింద చిరునామా, గుర్తు అని వేరే పంక్తులు ఉంటాయి, చాలాసార్లు నిజం అక్కడే దాక్కుని ఉంటుంది. పేరులో బస్టాండ్ అని ఉండి, గుర్తు దగ్గర ఒక పెట్రోలు బంకో, ఆసుపత్రో, ఫ్లైఓవరో ఉంటే అది రోడ్డు పక్క స్టేజి. గుర్తు దగ్గర కూడా మళ్లీ బస్టాండ్ అనే రాసి ఉంటే మాత్రం దానివల్ల మనకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు.

రెండవ ఆధారం వేళలు. ఇది చాలామంది పట్టించుకోరు గాని, నాకు దీని మీదే ఎక్కువ గురి. మా అత్త ఎక్కవలసిన బస్సు వేళల పట్టికలో భీమడోలు 10.15, ఏలూరు 10.40, హనుమాన్ జంక్షన్ 11.00 అని ఉన్నాయి. భీమడోలు నుంచి ఏలూరు సుమారు 20 కిలోమీటర్లు, ఏలూరు నుంచి హనుమాన్ జంక్షన్ కూడా ఇంచుమించు అంతే. మొదటి ముక్కకు 25 నిమిషాలు, రెండవ ముక్కకు 20 నిమిషాలు ఇచ్చారు. అంటే బస్సు ఎక్కడా హైవే వేగం తగ్గించకుండా పోతున్నట్టు లెక్క. బైపాస్ దిగి, ఊళ్లోని రద్దీలో స్టేషన్ దాకా వెళ్లి, మనుషులను ఎక్కించుకుని, మళ్లీ హైవే ఎక్కాలంటే తక్కువలో తక్కువ ఇంకో అరగంట కావాలి. ఆ అరగంట ఈ పట్టికలో ఎక్కడా లేదు. టికెట్ మీద ఏ పేరు రాసి ఉన్నా సరే, ఈ వేళలు నడిపే బస్సు ఊళ్లోకి రాదు. టికెట్ కొనేటప్పుడు బస్సు ఆగే చోట్లన్నీ తెర మీద కనిపిస్తాయి. మన ఊరి ముందు చోటునూ తరువాతి చోటునూ చూసి, మధ్య దూరాన్ని మ్యాపులో కొలుచుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోయే లెక్క ఇది. దీనికి ఒక పరిమితి ఉంది. కొన్ని కంపెనీలు వేళలను ఉజ్జాయింపుగా, ఊరికి పావుగంట చొప్పున వేసేస్తాయి. వరుసగా అన్ని వేళలూ 15, 30, 45 అని గుండ్రంగా కనిపిస్తే ఆ పట్టిక మీద లెక్కలు కట్టడం దండగ.

ఈ లెక్కకు తోడు ఒకే ఊళ్లో రెండు ఎక్కే చోట్లు చూపించినప్పుడు వాటి మధ్య వ్యవధిని కూడా చూడాలి. ఊళ్లో ఒక చోటు 10.10కి, బైపాస్ మీద ఇంకో చోటు 10.40కి చూపిస్తే రెండు సంగతులు జరిగి ఉండవచ్చు. ఒకటి, బస్సు నిజంగా ఊళ్లోకి వచ్చి వెళుతుంది. రెండవది, ఊళ్లోకి వచ్చేది బస్సు కాదు, ప్రయాణికులను పోగుచేసి బైపాస్ దాకా తెచ్చే పికప్ వ్యాన్. రెండవదే అయితే పది గంటల పది నిమిషాలకు మనం పెద్ద బస్సు కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తూ ఉండగా, మన పక్కనే ఆగిన చిన్న వ్యాను మనల్ని వదిలేసి పోతుంది. అది మన బండి అని మనకు తెలియదు, మనం దాని మనుషులమని దానికీ తెలియదు.

ఇంతదాకా కూర్చున్న చోటు నుంచే తేల్చుకోగల సంగతులు. ఇక ఫోన్ చేసి అడిగేటప్పుడు ఎవరిని అడుగుతున్నామన్నది ముఖ్యం. కంపెనీ కాల్ సెంటరులో ఉన్న మనిషి తెర మీద మనం చూస్తున్న పంక్తినే తనూ చూస్తూ ఉంటాడు. ఆ పంక్తిని పైకి చదవడం కన్నా ఎక్కువ సహాయం అతని వల్ల కాదు, పాపం అది అతని తప్పు కూడా కాదు. డ్రైవరుకో, క్లీనరుకో, ఊళ్లోని బుకింగ్ ఏజెంటుకో అసలు సంగతి తెలుస్తుంది. డ్రైవరు నంబరు సాధారణంగా బయలుదేరడానికి కొన్ని గంటల ముందు సందేశంలో వస్తుంది. అది రాగానే చేయాలి గాని, బస్సు వచ్చే వేళకు చేస్తే అతను స్టీరింగు మీద ఉంటాడు, లేదా ఇంకో ఇరవైమందికి జవాబు చెబుతూ ఉంటాడు.

అడిగే తీరు మార్చుకుంటే జవాబు తీరూ మారుతుంది. ‘బస్సు ఎక్కడ ఆగుతుంది?’ అంటే ‘బస్టాండ్’ అన్న జవాబే వస్తుంది. ‘బస్టాండ్ దగ్గరేనా?’ అంటే ‘ఆ, దగ్గరే’ అంటారు. మన దగ్గర అవునని చెప్పడం మర్యాద కాబట్టి, అవునని చెప్పడానికి వీలున్న ప్రశ్న వేయకూడదు. రెండింటిలో ఒకటి ఎంచుకోక తప్పని ప్రశ్న వేయాలి. ‘బస్సు గేటు లోపలికి వస్తుందా అండి, రోడ్డు మీదే ఆగుతుందా?’ అన్నది అలాంటిది. రోడ్డు మీదే అంటే వెంటనే ‘ఏ రోడ్డు, ఊళ్లో రోడ్డా, హైవేనా?’ అని అడగాలి. ఆ తరువాత ‘బస్సు ఆగినప్పుడు తలుపు ఎదురుగా ఏ కొట్టు కనిపిస్తుంది?’ అంటే, అక్కడికి రోజూ వచ్చే డ్రైవరు టీ కొట్టు పేరో, మందుల షాపు రంగో తడుముకోకుండా చెబుతాడు. చెప్పలేకపోతే అతను ఆ దారికి కొత్త. అప్పుడు ఏజెంటును పట్టుకోవాలి. నాకు ఒకసారి ఒక డ్రైవరు, “చెరుకురసం బండి ఉంటుంది సార్, దానికి రెండు అడుగులు ముందు” అన్నాడు. వెళ్లేసరికి రాత్రయి బండి లేదు, కాని పిప్పి కుప్ప ఉంది, అదే గుర్తుగా నిలబడితే బస్సు సరిగ్గా అక్కడే ఆగింది.

రోడ్డు మీద ఆగే బస్సయితే ఏ పక్క అన్నది ఇంకో ముడి. స్టేషన్‌లో ఈ బాధ లేదు, ఏ వైపు వెళ్లే బస్సయినా అదే ఆవరణలోకి వస్తుంది, తేడా అంతా ప్లాట్‌ఫాం నంబరులోనే. హైవే మీద మధ్యలో డివైడరు ఉంటుంది, దాటడానికి దారి ఎక్కడో అర కిలోమీటరు అవతల ఉంటుంది, ఒకే పేరున్న స్టేజి రెండు పక్కలా రెండు ఉంటుంది. వెళ్లవలసిన ఊరి వైపు ముఖం పెట్టి నిలబడితే రోడ్డు మన కుడి చేతి వైపున, బస్సు మన వెనుక నుంచి రావాలి. విజయవాడ వైపు చూస్తూ నిలబడ్డప్పుడు బస్సుల ముఖాలు మనకు ఎదురుపడుతుంటే మనం అవతలి పక్కన ఉన్నట్టు. సర్వీసు రోడ్డు ఉన్న చోట బస్సు సర్వీసు రోడ్డులోకి దిగుతుందా, ఫ్లైఓవరు ఎక్కే ముందు పైనే ఆగుతుందా అని కూడా అడగాలి. కింద నిలబడ్డ మనిషికి తలమీద నుంచి తన బస్సు వెళ్లిపోవడం కళ్లారా కనిపిస్తుంది, అంతకు మించి అతను చేయగలిగింది లేదు. హైదరాబాద్ ఎల్.బి. నగర్ కూడలిలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాక ఈ ప్రశ్న లేకుండా అక్కడ బస్సెక్కే మాటే లేదు.

పేర్లు పెట్టే ఉచ్చులు కూడా కొన్ని ఉన్నాయి. రాజమహేంద్రవరంలో కోటిపల్లి బస్టాండ్, గోకవరం బస్టాండ్ ఉన్నాయి. అవి కోటిపల్లిలోనూ గోకవరంలోనూ ఉన్నవి కావు, ఆ ఊళ్ల వైపు బస్సులు నిలిచిన చోట్లు కాబట్టి ఆ పేర్లు వచ్చాయి. నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండ్ కూడా అలాంటిదే. బయటి ఊరివారు అమాయకంగా ‘ఆత్మకూరు బస్టాండ్’ అన్న ఎక్కే చోటును చూసి, ఆత్మకూరు ఊళ్లో ఎక్కవచ్చని అనుకునే అవకాశం ఉంది. ఇలాంటి పేరు కనిపిస్తే టికెట్ మీద ఊరి పేరు వేరేగా ఏముందో చూసుకోవాలి. ‘నెల్లూరు, ఆత్మకూరు బస్టాండ్’ అంటే ఊరు నెల్లూరే.

పాత బస్టాండ్ అన్న పేరు ఇంకో రకం. స్టేషన్ వేరే చోటికి తరలిపోయినా, పాత చోటుకు ఆ పేరు పేటపేరుగా అతుక్కుపోతుంది. హైదరాబాద్‌లో గౌలిగూడ బస్టాండ్‌ను సీబీఎస్ అనేవారు. మూసీ నదిలోని దీవి మీద కట్టిన మహాత్మాగాంధీ బస్ స్టేషన్ 1994లో మొదలయ్యాక దూరప్రయాణపు బస్సులు అక్కడికి మారాయి. నిజాం కాలపు ఆ గౌలిగూడ షెడ్డు 2018లో కూలిపోయింది కూడా. అయినా సీబీఎస్ అన్న మాట నోళ్లలో నిలిచే ఉంది, ఒకరు దాన్ని పాత చోటుకు, ఇంకొకరు కొత్త స్టేషన్‌కు వాడతారు. రెండూ దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి పగలు, చేతిలో సంచి ఒక్కటే ఉంటే నడిచి సరిదిద్దుకోవచ్చు. రాత్రి, నాలుగు పెట్టెలతో, ఒక ముసలి మనిషితో అయితే ఆ దగ్గర దగ్గర కాదు. అదే నగరంలో జేబీఎస్ అంటే సికింద్రాబాద్ వైపున్న జూబ్లీ బస్ స్టేషన్. జూబ్లీ హిల్స్‌లో దాన్ని వెతికిన వాళ్లు ఏటా కొత్తగా తయారవుతూనే ఉంటారు.

ఆర్టీసీ బస్సు ఎక్కడుందో చూపించే సౌకర్యాలు ఇప్పుడు ఉన్నాయి. తెలంగాణలో 2023లో వచ్చిన గమ్యం యాప్ అలాంటిదే, ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి వేరే ఉంది. చాలా ప్రైవేటు కంపెనీలు కూడా బస్సు జాడను చూపించే లింకు పంపుతాయి. వీటిలో బస్సు ఎంత దూరంలో ఉందని చూసి ఊరుకుంటాం గాని, మనకు పనికొచ్చేది ఆ చుక్క ఏ రోడ్డు మీద ఉందన్నది. ఊరి ముందు బైపాస్ విడిపోయే చోట చుక్క ఊరి రోడ్డులోకి తిరిగితే లోపలికి వస్తోందని, తిరగకుండా నేరుగా పోతే రావడం లేదని అర్థం. ఆ మలుపు దగ్గర తేలేసరికి మనకు ఉండే వ్యవధి పది నిమిషాలు, బైపాస్ దాకా ఆటోకు అంతకన్నా ఎక్కువ పడుతుంది. అందుకని దీన్ని చివరి నిమిషంలో కాకుండా ముందు రోజే వాడుకోవాలి. అదే సర్వీసు నిన్న రాత్రి ఎటు నుంచి పోయిందో చూడగలిగితే, ఈ రాత్రి ఎటు పోతుందో నూటికి తొంభై పాళ్లు తెలిసినట్టే. సర్వీసు నంబరు టికెట్ మీదే ఉంటుంది.

ఆ నంబరు ఆర్టీసీ విచారణ కౌంటరులోనూ అక్కరకు వస్తుంది. ‘రాత్రి హైదరాబాద్ బస్సు లోపలికొస్తుందా?’ అంటే, హైదరాబాద్ వెళ్లే బస్సులు డజను ఉన్న చోట కౌంటరులోని మనిషి ఏదో ఒకదాన్ని మనసులో పెట్టుకుని జవాబు చెబుతాడు. సర్వీసు నంబరు చెప్పి అడిగితే ఆ ఒక్క బస్సు సంగతి చెబుతాడు, ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో కూడా చెబుతాడు. ప్లాట్‌ఫాం నంబరు చెప్పగలిగాడంటే అది లోపలికి వచ్చే బస్సే. ‘ఇక్కడికి రాదండి, బైపాస్‌కి వెళ్లండి’ అంటే, ఏ స్టేజికి వెళ్లాలో అక్కడే అడిగేసుకోవాలి.

ఇవన్నీ మామూలు రోజుల లెక్కలు. సంక్రాంతి, దసరా రోజుల్లో ఇవే సూత్రాలు తలకిందులు కావచ్చు. ఆ రోజుల్లో హైదరాబాద్ పెద్ద స్టేషన్లలో రద్దీ తగ్గించడానికి ఆర్టీసీ ప్రత్యేక బస్సులను దిక్కును బట్టి వేరే చోట్ల నుంచి నడుపుతుంది. విజయవాడ వైపు వెళ్లేవి ఎల్.బి. నగర్ నుంచి, వరంగల్ వైపువి ఉప్పల్ కూడలి నుంచి బయలుదేరడం అలాంటి ఏర్పాటే. ఎప్పుడూ మహాత్మాగాంధీ స్టేషన్‌లో ఎక్కే సర్వీసు ఆ వారం అక్కడికి రాకుండా బయటి నుంచే పోవచ్చు. టికెట్ తీసుకున్నాక మార్పు జరిగితే సందేశం వస్తుంది, కాని ఆ సందేశంలోనూ ‘ఎల్.బి. నగర్’ అని మాత్రమే ఉండవచ్చు. ఆ కూడలికి నాలుగు వైపులా స్టాపులు ఉంటాయి, ప్రత్యేక బస్సుల కోసం వేసిన షామియానా ఏ వైపున ఉందో వెళ్లే ముందు కనుక్కోవాలి. జాతరలప్పుడు, రోడ్డు పనులప్పుడు ఊళ్లోకి వచ్చే బస్సులను కూడా పోలీసులు బైపాస్ మీదికే మళ్లిస్తారు. అలాంటి రాత్రి కంట్రోలరు దగ్గర ఉన్న సమాచారం టికెట్ మీద ఉన్నదాని కన్నా తాజాది.

మా అత్త పోయిన నెల మళ్లీ అదే దారిలో వచ్చింది. ఈసారి నేను పంపిన సందేశంలో ఎక్కే చోటు పేరు బదులు ‘బైపాస్ మీద, ఆసుపత్రి గేటు ముందు, విజయవాడ వైపు వెళ్లే పక్క, బస్సు ఊళ్లోకి రాదు’ అని ఉంది. బస్సు ఎక్కి కూర్చున్నాక ఆవిడ ఫోన్ చేసి, “ఒరేయ్, ఇక్కడ ఇంకో ముసలాయన కూడా ‘బస్టాండ్‌లో ఉన్నా, బస్టాండ్‌లో ఉన్నా’ అని ఫోనులో అరుస్తున్నాడని డ్రైవరు చెబుతున్నాడు, ఆయన్ని ఆటో ఎక్కమని చెప్పించాను, వచ్చేదాకా ఆగుతామన్నారు” అంది.